టూడీలో మంట గీసేటప్పుడు గాలి దారి పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: "అన్నా, కర్నూలు నుంచి అడుగుతున్నా. పిల్లల కథల ఛానెల్ కోసం క్రిటాలో భోగి మంట సీన్ చేస్తున్నా. 8 డ్రాయింగుల లూప్. ఒక్కో డ్రాయింగ్ విడిగా చూస్తే మంటలానే ఉంది, ప్లే చేస్తే మాత్రం గాలికి ఊగే గుడ్డలా ఉంది. రెండో వెర్షన్ చేస్తే అది గజగజ వణుకుతోంది. ఎక్కడ తప్పు? ఇదే కథలో పొగ, బావిలో దూకినప్పుడు నీళ్లు చిందడం, మంత్రం మెరుపులు కూడా ఉన్నాయి. వాటికీ ఇదే పద్ధతా?"

తమ్ముడూ, నువ్వు మంటను కదుపుతున్నావు. కదలాల్సింది మంట అంచులో పడే నొక్కులు. చల్లగాలి పక్కనుంచి మంటలోకి తోసుకొచ్చిన చోట అంచు లోపలికి పోతుంది కదా, ఆ నొక్కు మంట అడుగున పుట్టి, అంచు వెంటే పైకి ఎక్కి, కొన దగ్గర మంటను తెంపేసి పోవాలి. నొక్కులు ఎక్కితే మంట ఎగసినట్టు కనిపిస్తుంది. అవి ఎక్కకుండా ఆకారం మాత్రం అటూ ఇటూ వంగితే గుడ్డలా కనిపిస్తుంది. నొక్కులు ప్రతి డ్రాయింగులో కొత్త చోట పుడితే వణుకుతుంది. నీ రెండు వెర్షన్లకూ జబ్బు ఇదే.

ఎందుకిలా అంటే, వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. అది ఖాళీ చేసిన చోటికి చుట్టుపక్కల చల్లగాలి కింది నుంచి, పక్కల నుంచి వచ్చి చేరుతుంది. మంట లోపల గాలి వేగంగా పైకి పోతుంటే అంచు బయట గాలి దాదాపు నిలబడే ఉంటుంది. ఆ రెండూ రాసుకున్న చోట సుడి పుడుతుంది. సుడి పైభాగం బయటికి దొర్లుతుంది, కింది భాగం గాలిని లోపలికి లాగుతుంది. కాబట్టి నొక్కుకు ఒక కచ్చితమైన ఆకారం ఉంది. నొక్కు పై అంచు గుండ్రంగా, కొక్కెంలా లోపలికి తిరిగి ఉండాలి. కింది అంచు పొడుగ్గా, వాలుగా ఉండాలి. రెండు వైపులా ఒకేలా గీస్తే అది పాము మెలికలాగా ఉంటుంది గానీ మంట అంచులా ఉండదు. పెన్ను పట్టుకునే ముందు ఈ ఒక్క ఆకారాన్ని చేయి తిరిగేదాకా కాగితం మీద గీయి.

ముందు నీ ఫైలుకు రెండు పరీక్షలు చెయ్యి. మొదటిది: మంట సగం ఎత్తులో ఒక అడ్డగీత పెట్టి, 8 డ్రాయింగుల్లోనూ ఆ గీత దగ్గర మంట వెడల్పు ఎంతుందో చూడు. అన్నింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటే అది గుడ్డే. ఎడమ అంచు లోపలికి పోయినప్పుడల్లా కుడి అంచు అంతే బయటికి పోతోందన్నమాట. అసలు మంటలో వెడల్పు నిలకడగా ఉండదు. ఎడమ నొక్కు ఒక ఎత్తులో ఉంటే కుడి నొక్కు ఇంకో ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒకచోట సన్నబడుతుంది, ఒకచోట ఉబ్బుతుంది.

రెండో పరీక్ష ఇంకా పనికొస్తుంది. పైన ఒక కొత్త లేయర్ వేసి, ప్రతి డ్రాయింగులో ప్రతి నొక్కు లోతైన చోట ఒక చుక్క పెట్టు. ఎడమవి నీలం, కుడివి నలుపు. తరువాత మంట లేయర్ దాచేసి చుక్కల్ని మాత్రం ప్లే చెయ్యి. చుక్కలు వరుసగా పైకి ఎక్కుతున్నాయా? ఎక్కకుండా ఒకేచోట కొట్టుకుంటుంటే, లేదా పిచ్చుకల్లా ఎక్కడబడితే అక్కడ ఎగురుతుంటే, పైన ఎంత అందమైన రంగు వేసినా లాభం లేదు.

ఇప్పుడు నీ భోగి మంటనే తీసుకుని మొదటి నుంచి వేద్దాం. ఇక్కడ ఒక లెక్క ఉపయోగపడుతుంది. మంట ఎంత వెడల్పుంటే దాని చలనం అంత నెమ్మది. అగ్నిప్రమాదాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు కొలిచి పెట్టుకున్న సూత్రం ఇది: సెకనుకు మంట ఎన్నిసార్లు ఉబ్బి తగ్గుతుందో కావాలంటే, ఒకటిన్నరను మంట అడుగు వెడల్పు (మీటర్లలో) వర్గమూలంతో భాగించాలి. మీటరు వెడల్పున్న భోగి మంటకు సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు వస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 16 ఫ్రేములకు ఒకసారి. ఒక్కో డ్రాయింగును 2 ఫ్రేములు నిలబెడితే 8 డ్రాయింగులు. అంటే నీ లూప్ నిడివి సరిగ్గా సరిపోయింది, దాన్ని మార్చకు.

అదే 10 సెంటీమీటర్ల దివిటీ అయితే సెకనుకు నాలుగైదు సార్లు వస్తుంది. దానికి 6 డ్రాయింగులు చాలు, ఒక్కొక్కటి ఒక్క ఫ్రేమే ఉండాలి. ఊరు తగలబడే సీన్లో 4 మీటర్ల మంట అయితే భోగి మంటలో సగం వేగం, అంటే 32 ఫ్రేముల లూప్. చాలామంది ఒకే మంట లూపును చిన్నది చేసి దీపానికి, పెద్దది చేసి ఇంటికి వాడేస్తారు. పెద్దది చేసిన మంట బొమ్మరింటికి పెట్టిన మంటలా కనిపించేది అందుకే. సైజు మారితే వేగం కూడా మారాలి.

కాన్వాస్ మీద మంట ఎత్తు 480 పిక్సెళ్లు అనుకుందాం. వేడిగాలి పైకి పోయేకొద్దీ వేగం పుంజుకుంటుంది కాబట్టి నొక్కు సమానమైన అంగలతో ఎక్కకూడదు. మొదటి అంగ 25 పిక్సెళ్లు, తరువాత 35, 45, 55, 65, 75, 85, చివరిది 95. కూడితే 480. అంటే ఎడమ నొక్కు ఒకటో డ్రాయింగులో సున్నా దగ్గర పుట్టి, రెండులో 25, మూడులో 60, నాలుగులో 105, అయిదులో 160, ఆరులో 225, ఏడులో 300, ఎనిమిదిలో 385 ఎత్తుకు చేరుతుంది. ఆ తరువాతి అంగలో కొన దాటి పోతుంది. సరిగ్గా అప్పుడే మళ్లీ ఒకటో డ్రాయింగు వస్తుంది, కింద కొత్త నొక్కు పుడుతుంది. లూప్ కలిసిపోయేది ఇక్కడే. మొదటి డ్రాయింగునూ చివరి డ్రాయింగునూ తంటాలుపడి కలపాల్సిన పని ఉండదు.

కుడి నొక్కు ఇదే దారిలో నడుస్తుంది గానీ అయిదో డ్రాయింగులో పుడుతుంది. కాబట్టి ఒకటో డ్రాయింగులో ఎడమ నొక్కు అప్పుడే పుడుతుంటే కుడిది 160 దగ్గర ఉంటుంది. నాలుగో డ్రాయింగులో ఎడమది 105 దగ్గర, కుడిది 385 దగ్గర. ఈ చుక్కలన్నీ ముందు పెట్టేసుకుని, ప్లే చేసి చూసుకుని, ఆ తరువాతే అంచు గీత మొదలుపెట్టు.

నొక్కు ఎక్కేకొద్దీ లోతు పెరగాలి. ఎడమది పుట్టినప్పుడు చిన్న సొట్ట మాత్రమే. మూడో డ్రాయింగుకు అక్కడి మంట వెడల్పులో ఆరో వంతు లోపలికి పోతుంది. అయిదుకు మూడో వంతు, ఏడుకు మూడింట రెండు వంతులు. ఎనిమిదిలో పూర్తిగా తెగిపోతుంది. తెగిన కొన మంట నుంచి విడిపోయి గాల్లో ఉంటుంది. తరువాతి డ్రాయింగులో అది ఇంకా పైకి పోయి సగానికి తగ్గుతుంది. ఆ తరువాతి దానిలో చిన్న తునక. మూడోదానిలో ఉండదు. తెగిన ముక్కను కిందికి తేవద్దు, నెమ్మదిగా పారదర్శకంగా మార్చి మాయం చెయ్యొద్దు. మంట ముక్క కాలిపోయి అయిపోతుంది, కాబట్టి అంచుల నుంచి కుంచించుకుపోవాలి.

కొన తెగినప్పుడు మిగిలిన మంట ఎత్తు ఒక్కసారిగా 480 నుంచి 385కి పడిపోతుంది. ఆనియన్ స్కిన్‌లో చూస్తే ఇది తప్పులా కనిపిస్తుంది. కంగారుపడి మధ్యలో సర్దొద్దు. నెమ్మదిగా పెరగడం, టక్కున తగ్గడం, ఇదే మంట నడక. ప్రొద్దుటూరు నుంచి ఒకబ్బాయి తన లూప్ పంపించి "అంతా బాగుంది, కానీ గడ్డి ఊగినట్టుంది" అన్నాడు. చూస్తే అయిదు నాలుకలు గీశాడు. ప్రతి నాలుకా పైకి సాగి, మళ్లీ అదే దారిలో కిందికి దిగుతోంది. ఏ కొనా ఎక్కడా తెగడం లేదు. మేం చేసింది ఒక్కటే, కిందికి దిగే డ్రాయింగులన్నీ తీసేసి, వాటి బదులు కొన తెగే డ్రాయింగులు పెట్టాం. మంట కొన కిందికి దిగదు. తెగి పైకి పోతుంది, కింది నుంచి కొత్త కొన వస్తుంది.

కుడి నొక్కును మాత్రం తెగనివ్వకు. సగం లోతుకు పోయి, కొనను పక్కకు వంచి వదిలేయనీ. రెండు వైపులా తెగితే 8 ఫ్రేములకొకసారి టిక్ టిక్ మని గడియారంలా కొట్టుకుంటుంది, చూసేవాళ్ల కన్ను వెంటనే పట్టేస్తుంది.

మంట అడుగు భాగం గురించి ఒక మాట. కట్టెలు అంటుకుని ఉన్న చోట మంట దాదాపు కదలదు. అడుగు నుంచి పదో వంతు ఎత్తు వరకు ఎనిమిది డ్రాయింగుల్లోనూ ఒకేచోట ఉంచి, గీతలో చిన్న తేడా మాత్రం చూపించు. అడుగు కూడా జారితే మంట కట్టెల మీద స్కేటింగ్ చేస్తున్నట్టు ఉంటుంది.

లోపలి రంగుల సంగతి. నువ్వు చాలావరకు బయటి ఆకారాన్నే కాపీ చేసి, చిన్నది చేసి పసుపు నింపి ఉంటావు. ఎక్కువమంది చేసేది అదే, ఫలితం ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వస్తుంది. మూడు చదును రంగులు చాలు. బయట `#C8371B`, మధ్యలో `#F58A1F`, లోపల `#FFE27A`. కానీ మూడింటికీ ఆకారాలు వేరు. లోపలి లేత పసుపు కట్టెల దగ్గర వెడల్పుగా ఉండి, మంట ఎత్తులో సగం లోపే ఆగిపోవాలి. నొక్కులు దానికీ పడతాయి గానీ లోతు తక్కువ, పైగా ఒక డ్రాయింగు ఆలస్యంగా పడతాయి. బయట గాలి తోసిన తోపు లోపలికి చేరేసరికి అంత సమయం పడుతుందని కన్ను నమ్ముతుంది. తెగిన ముక్కల్లో లేత పసుపు అసలు వద్దు. నారింజ, ఎరుపు చాలు, ఎందుకంటే అవి చల్లారిపోతున్న ముక్కలు. నల్ల అవుట్‌లైన్ కూడా తీసెయ్. పాత్రలకు నల్ల గీత ఉన్నా సరే, వెలుగిచ్చే వస్తువుకు నల్ల గీత పెడితే అది కత్తిరించి అంటించిన కాగితంలా ఉంటుంది.

క్రిటాలో చేసేటప్పుడు డ్రాయింగులు 0, 2, 4 అలా 14 వరకు ఫ్రేముల మీద వస్తాయి. ఒకటో డ్రాయింగు కాపీని 16 మీద పెట్టుకో. ఎనిమిదోది గీసేటప్పుడు ముందూ వెనకా రెండూ ఆనియన్ స్కిన్‌లో కనిపిస్తాయి. ప్లే చేసే పరిధి మాత్రం 0 నుంచి 15 వరకే ఉండాలి, లేకపోతే ఒకటో డ్రాయింగు రెండుసార్లు వచ్చి లూప్ తట్టుకుంటుంది. ఆనియన్ స్కిన్ చూస్తూ రెండు అంచు గీతల మధ్య సరిగ్గా నడిమిన గీత వేసే అలవాటు ఉంటే మంటకు దాన్ని మానుకో. ముఖానికి, చేతికి అది పనిచేస్తుంది. మంటలో ఒక డ్రాయింగులో ఉబ్బు ఉన్న ఎత్తులోనే తరువాతి దానిలో నొక్కు ఉంటుంది. రెండింటి నడుమ గీత వేస్తే ఉబ్బూ ఉండదు, నొక్కూ ఉండదు, అంచు చదునైపోతుంది. ముందు చుక్కను జరుపు, చుక్క చుట్టూ అంచును కొత్తగా గీయి.

16 ఫ్రేములంటే సెకనులో మూడింట రెండు వంతులు. షాట్ మూడు నాలుగు సెకన్లు దాటితే అదే మంట మళ్లీ మళ్లీ వస్తోందని తెలిసిపోతుంది. దానికి నేను రెండు పనులు చేస్తాను. ఒకటి, ఒకటో డ్రాయింగు అదే ఉంచి మిగిలిన ఏడింటినీ ఇంకో రకంగా గీసి రెండో సెట్ తయారుచేస్తాను. ఆ సెట్లో కుడి నొక్కు తెగుతుంది, ఎడమది వంగుతుంది. అప్పుడు తెగిన ముక్కలు ఒకటి రెండు డ్రాయింగుల్లో ఇంకా గాల్లో ఉంటాయి కాబట్టి వాటిని విడి లేయర్లో పెట్టుకోవాలి, లేకపోతే సెట్లు మారే చోట ముక్క హఠాత్తుగా పక్క మారుతుంది. ఈ రెండు సెట్లనూ వరుస మార్చి మార్చి వాడతాను. రెండోది, పైకి ఎగిరే నిప్పురవ్వల లేయర్‌ను 7 డ్రాయింగుల లూపుగా పెడతాను. 8కీ 7కీ పొంతన కుదరదు కాబట్టి మంటా రవ్వలూ మళ్లీ అదే జోడీగా కలవడానికి 56 డ్రాయింగులు, అంటే నాలుగున్నర సెకన్ల పైనే పడుతుంది.

గాలి వీస్తున్న సీన్ అయితే మంట లేయర్‌ను తిప్పొద్దు. నొక్కులు ఎక్కే దారినే వంచు. అడుగున నిటారుగా ఉండి పైకి పోయేకొద్దీ ఎక్కువ వాలుతుంది. దివిటీ పట్టుకుని పరుగెత్తే పాత్రకు కూడా ఇదే. దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవంలో దివిటీలు పట్టుకుని జనం కదిలేటప్పుడు గమనించు. మనిషి పరుగెత్తితే మంట వెనక్కు పడుకుంటుంది, మంట మొదలు మాత్రం దివిటీని వదలదు. మనిషి ఆగిపోయాక కూడా మంట వెంటనే నిటారుగా లేవదు, వచ్చిన ఊపుకు కాస్త ముందుకు పోయి అప్పుడు లేస్తుంది. ఆ రెండు మూడు డ్రాయింగులు వేస్తే దివిటీకి బరువు వస్తుంది.

అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రంకు వేసే అగ్నిగుండం లాంటిది గీయాలంటే ఇదంతా పనికిరాదు. గుండంలో తొక్కేది నిప్పుల పరుపు. అక్కడ మంట తక్కువ, నిప్పుకణికల మీద వెలుగు నెమ్మదిగా పాకడం ఎక్కువ. అది రంగు మార్పుతో చేసే పని. ఆకారం మార్చనక్కర్లేదు.

ఇక పొగ. గాలి తర్కం అదే గానీ మూడు విషయాలు తిరగబడతాయి. మంట పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది, పొగ పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది. మంట పైకి సన్నబడుతుంది, పొగ పైకి ఉబ్బుతుంది. మంట ముక్క అంచుల నుంచి తగ్గుతుంది, పొగ ముద్దకు లోపల చిల్లులు పడి, ఆ చిల్లులు పెద్దవై, చివరికి దారాల్లా మిగిలి పోతుంది. ఒపాసిటీ తగ్గించి పొగను మాయం చేస్తే అది పొగలా అనిపించదు, దీపం ఆర్పినట్టు ఉంటుంది. ముద్ద మధ్య భాగం పైకి పోతూ, పక్కలు బయటికి తిరిగి కిందికి దొర్లాలి. దొర్లే దిక్కు తప్పితే పొగ కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో డ్రాయింగును 2 ఫ్రేములు, పైన బాగా నెమ్మదించాక 3 ఫ్రేములు కూడా నిలబెట్టొచ్చు. పచ్చి కంది కట్టె వేసిన మంటకు పొగ తెల్లగా, దట్టంగా వస్తుంది. టైరు కాలిస్తే నల్లగా, బరువుగా వస్తుంది. నీ కథలో ఏం కాలుతోందో చూసుకుని రంగు వెయ్యి.

నీళ్లకు మాత్రం పద్ధతి వేరు. మంటనూ పొగనూ గాలి నడిపిస్తుంది, చిందిన నీటిని భూమి ఆకర్షణ నడిపిస్తుంది. అందుకే నీళ్లకు లెక్క సులభం. బావిలో దూకితే నీళ్లు మీటరు ఎత్తు లేచాయంటే, పైకి పోవడానికి సుమారు 11 ఫ్రేములు పడుతుంది, దిగడానికి మరో 11. పని సులువు కావడానికి 12 పెట్టుకో, 6 డ్రాయింగులు అవుతాయి. మొదటి డ్రాయింగుకే నీళ్లు మొత్తం ఎత్తులో 31 శాతం చేరాలి. తరువాత 56, 75, 89, 97, 100. దిగేటప్పుడు ఇదే వరుస వెనక్కి. కొత్తగా చేసేవాళ్లు సమానమైన అంగలు పెడతారు, అప్పుడు నీళ్లు జిగురులా సాగుతాయి. ఎత్తు నాలుగు రెట్లయితే సమయం రెండింతలే అవుతుంది, ఇదీ గుర్తుంచుకో.

ఆకారం విషయానికొస్తే, మనిషి నీటిలో పడగానే చుట్టూ పలచటి నీటి గోడ లేస్తుంది. గోడ పైఅంచు వేళ్లలా చీలుతుంది. వేళ్లన్నీ ఒకే పొడవు, ఒకే దూరంలో గీస్తే రాజుగారి కిరీటంలా ఉంటుంది. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పొట్టిగా ఉంచు. మనిషి ముందుకు దూకితే ముందువైపు ఎత్తు. గోడ పైకి పోయేకొద్దీ పలచబడి, మధ్యలో చిల్లులు పడతాయి. చిల్లులు పెరిగితే మిగిలేవి తాళ్లు, తాళ్లు తెగితే చుక్కలు. గోడ, తాడు, చుక్క, ఈ వరుస తప్పొద్దు. గోడ నుంచి నేరుగా గుండ్రటి చుక్కలకు దూకితే గోళీలు విసిరినట్టు ఉంటుంది.

చాలామంది వదిలేసేది రెండో చిందు. మనిషి మునిగిన చోట నీటిలో గుంట పడుతుంది. ఆ గుంట నలువైపుల నుంచి మూసుకున్నప్పుడు నడిమధ్య నుంచి ఒక సన్నటి నీటి స్తంభం పైకి లేస్తుంది. గోడ కిందికి పడుతుండగా ఇది మొదలవుతుంది. దాని కొన నుంచి ఒకటి రెండు పెద్ద చుక్కలు విడిపోయి అన్నింటికన్నా చివర్లో పడతాయి. ఇది పెడితే బావికి లోతు తెలుస్తుంది. ఎండాకాలంలో మన ఊళ్లలో పిల్లలు బావుల్లో దూకేటప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి గట్టు మీద నుంచి తీసుకో, గోడా స్తంభమూ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. దూకేవాళ్లకు ఈత వచ్చి ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. వీడియో కోసమని ఎవరినీ దూకమని అడగొద్దు.

మంత్రం మెరుపుల్లో ఆకారం చిన్న విషయం, టైమింగే అంతా. మెరుపు నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గితే సీరియల్ లైటులా ఉంటుంది. మొదటి ఫ్రేములోనే నిండు సైజులో నాలుగు కొనల నక్షత్రం రావాలి, తరువాత అయిదారు ఫ్రేముల్లో కుంచించుకుపోవాలి. ఇక్కడ ఒక్కో డ్రాయింగు ఒక్క ఫ్రేమే. అన్నీ ఒకేసారి మెరవకూడదు, చేయి కదిలిన దారి వెంట ఒకదాని తరువాత ఒకటి పుట్టాలి. పెద్దది ఒక్కటి, మధ్యరకం మూడు నాలుగు, మిగిలినవన్నీ చుక్కలే. పుట్టిన చోటే నిలబడితే అవి అద్దానికి అంటించినట్టు ఉంటాయి, కాబట్టి ఆరిపోయేలోపు కొంచెం కిందికి జారనీ. వాటి లేయర్‌కు బ్లెండింగ్ మోడ్ `Addition` పెట్టు, వెనక ఉన్న బొమ్మ చీకటిగా ఉంటేనే అది పనిచేస్తుంది. పగటి సీన్ అయితే మెరుపు వెనక కాస్త ముదురు నీలం మబ్బులాంటిది పరుచు.

ఇది పిల్లల ఛానెల్ అన్నావు కాబట్టి దీన్ని మాత్రం తప్పకుండా పాటించు. మంత్రం పడగానే స్క్రీన్ మొత్తం తెల్లగా, నల్లగా టకటకా మెరిపించే పద్ధతి వాడొద్దు. వెలుగుకు మూర్ఛ వచ్చే పిల్లలు ఉంటారు. వెబ్‌లో పాటించే భద్రతా నియమం ప్రకారం ఏ ఒక్క సెకనులోనూ మూడుకు మించి ఫ్లాష్‌లు ఉండకూడదు. నేనైతే స్క్రీనంతా నిండే ఫ్లాష్ ఒక్కటే పెట్టి, మిగిలిన హడావుడి అంతా చిన్న మెరుపులతో చేస్తాను.

మంట లూప్ మళ్లీ వేశాక, రంగులు నింపకముందే చుక్కల లేయర్, అంచు గీత లేయర్ రెండూ కలిపి ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ పెట్టు. సెకనుకు 12 డ్రాయింగుల వేగంతో ఒకటి, దాని సగం వేగంతో ఇంకొకటి ఉంటే ఏ డ్రాయింగులో నొక్కు వెనకబడిందో నంబరు పెట్టి చెప్పగలను. పొగ సంగతి మంట కుదిరాక చూద్దాం. మంట కొన తెగే చోటు నుంచే పొగ మొదలవ్వాలి కాబట్టి మంట మారితే పొగ మళ్లీ వేయాల్సి వస్తుంది.